ఆకుపచ్చ సర్క్యూట్ ఖాళీ అయింది: ఒక ఏ320 కేసు

కోల్‌కతా నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఒక ఎయిర్‌బస్ ఏ320, మా కొరాపుట్ జిల్లాకు కాస్త ఉత్తరంగా, నబరంగపూర్ వైపు ఆకాశంలో ఉండగా దాని మూడు హైడ్రాలిక్ సర్క్యూట్లలో ఒకటి ఖాళీ కావడం మొదలైంది. ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో లైన్ మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. దిగాక ఆ విమానాన్ని అందుకుని విప్పి చూసిన వాళ్లలో నేనొకడిని. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇప్పుడు సునాబెడలో ఉంటున్నాను. జయపురం, కొరాపుట్‌ల నుంచి డిప్లొమా చదివే మన పిల్లలు వచ్చినప్పుడు హైడ్రాలిక్స్ చెప్పడానికి నేను ఎప్పుడూ ఎత్తుకునే కేసు ఇదే. కారణం ఒక్కటే. మూడు సర్క్యూట్లు ఎందుకున్నాయో, వాటిని వేర్వేరుగా నిలబెట్టడం ఎంత కష్టమో ఈ ఒక్క కేసులో రెండూ కనిపిస్తాయి.

విమానం ఏ కంపెనీదో ఇక్కడ అవసరం లేదు. పైలట్లు చేసినవన్నీ వాళ్లతో ఆ రాత్రే మాట్లాడి, తర్వాత ఫ్లైట్ డేటాతో సరిచూసుకుని రాస్తున్నాను.

ముందు ఆ మూడు సర్క్యూట్ల సంగతి

ఆయిల్ ప్రెషర్‌తో విమానం భాగాల్ని కదిపేవే హైడ్రాలిక్ సర్క్యూట్లు. ఏ320లో ఆ మూడింటికి మూడు రంగుల పేర్లు: ఆకుపచ్చ, పసుపు, నీలం. మూడూ 3,000 పీఎస్‌ఐ ప్రెషర్ మీద పనిచేస్తాయి. మూడింటికీ వేర్వేరు రిజర్వాయర్లు, వేర్వేరు పంపులు, వేర్వేరు పైపులు. ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లోకి ఎక్కడా పోదు. ఆకుపచ్చకు ప్రెషర్ ఇచ్చేది ఎడమ ఇంజిన్ తిప్పే పంపు. పసుపుకు కుడి ఇంజిన్ పంపు, అదనంగా ఒక ఎలక్ట్రిక్ పంపు. నీలానికి ఇంజిన్ పంపు అసలు లేదు, ఎలక్ట్రిక్ పంపే దాని ప్రధాన పంపు.

మా వీధిలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ డివిజన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఒకసారి ఈ సంగతి విని, "అదేంటి మాస్టారూ, రెండు ఇంజిన్లున్నాయి, మూడో దాన్ని కరెంటు మీద ఎందుకు వదిలేశారు?" అని అడిగారు. ఇంజిన్లతో బతుకు గడిపిన మనిషికి తప్పకుండా రావలసిన ప్రశ్న. మూడోదాన్ని కూడా ఇంజిన్‌కే తగిలిస్తే ఒక ఇంజిన్ ఆగినప్పుడు రెండు సర్క్యూట్లు ఒకేసారి కుంటుపడతాయి. నీలం ఏ ఇంజిన్‌కూ కట్టుబడి లేదు. కరెంటు కూడా పోతే విమానం కడుపు కింద నుంచి ఒక చిన్న ఫ్యాన్ బయటికి వస్తుంది. ఎదురుగాలికి అది తిరిగి నీలానికి ప్రెషర్ ఇస్తుంది. అంటే రెండు ఇంజిన్లూ ఆగినా విమానాన్ని తిప్పే శక్తి కొంత మిగులుతుంది.

ఇక ఏ పని ఎవరికి అప్పజెప్పారన్నది చూడాలి. చుక్కాని అనదగ్గ రడ్డర్‌ని మూడు సర్క్యూట్లూ నడుపుతాయి. ముక్కును ఎత్తి దించే ఎలివేటర్లు, విమానాన్ని పక్కకు వాల్చే ఎయిలరాన్లు ఒక్కోదానికి రెండేసి సర్క్యూట్లు, అన్నింటిలోనూ నీలం ఒకటి. అందుకే ఏ ఒక్కటి పోయినా విమానాన్ని తిప్పడం, ఎత్తడం, దించడం ఆగిపోదు. బరువైన పనులు మాత్రం ఎక్కువగా ఆకుపచ్చ మీదే ఉంటాయి: చక్రాలు లోపలికి తీయడం, బయటికి దించడం, మామూలు బ్రేకులు, దిగాక ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించే రివర్సర్లలో ఎడమ ఇంజిన్‌ది. ఈ విమానం పాత తరహాది కాబట్టి ముందు చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కూడా ఆకుపచ్చదే. తర్వాత తయారైన వాటిలో దాన్ని పసుపుకు మార్చారు.

కాబట్టి ఆకుపచ్చ పోతే గాల్లో పెద్ద కష్టం ఉండదు. దెబ్బ నేల మీద తెలుస్తుంది.

సంఖ్య ఒక్కటే చాలదు

మూడు ఉన్నాయి కదా అని ధీమా పడటం ఎంత ప్రమాదమో 1989 జులై 19న అమెరికాలో తెలిసింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 నంబరు డీసీ-10 విమానానికీ మూడు హైడ్రాలిక్ సర్క్యూట్లే ఉండేవి. తోకలోని ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ పగిలింది. ఆ ముక్కలు తోకలో దగ్గరదగ్గరగా వెళ్తున్న పైపుల్ని కోసేయడంతో మూడింటి ఆయిల్ కూడా బయటికి పోయింది. పైలట్లు మిగిలిన రెండు ఇంజిన్ల పవర్‌ని ఎక్కువ తక్కువ చేస్తూ సూ సిటీ దాకా తీసుకొచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. పంపులు వేరు, రిజర్వాయర్లు వేరు. కానీ పైపులు ఒకే చోట కలిశాయి. ఒకే బావిలో మూడు మోటార్లు దించితే మూడు బావులున్నట్టు కాదు గదా. ఆ తర్వాత డీసీ-10లలో తోక దగ్గర పైపులు తెగినా ఒక సర్క్యూట్ ఆయిల్ పూర్తిగా కారిపోకుండా ఆపే వాల్వ్ పెట్టారు.

నేను ఎప్పుడూ వెతికేది ఇదే: వేరుగా ఉన్నాయని చెప్పుకునే రెండు సర్క్యూట్లు ఎక్కడ ఒకదాన్ని ఒకటి తాకుతున్నాయి? ఏ320లో అలాంటి చోటు ఒకటుంది. డిజైనర్లు కావాలనే పెట్టారు. దాని పేరు పీటీయూ, పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్.

ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య ఒక షాఫ్ట్. దానికి ఒక కొస ఆకుపచ్చలో, ఇంకో కొస పసుపులో. ఈ రెండింటి ప్రెషర్‌లో 500 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తేడా వస్తే, ప్రెషర్ ఉన్న వైపు ఆయిల్ ఆ షాఫ్ట్‌ని తిప్పుతుంది, అవతలి కొస పంపులా పనిచేసి తక్కువున్న వైపు ప్రెషర్ పెంచుతుంది. ఆయిల్ కలవదు, శక్తి మాత్రమే దాటుతుంది. ఏ320 ఎక్కినవాళ్లు విని ఉంటారు, నేల మీద ఒక్కోసారి కింద నుంచి కుక్క మొరిగినట్టు ఆగి ఆగి వచ్చే చప్పుడు పీటీయూదే.

ఎడమ ఇంజిన్ పంపు ఒక్కటే చెడిపోయిందనుకోండి. రిజర్వాయర్‌లో ఆయిల్ నిండుగా ఉంటుంది. పీటీయూ తనంతట తానే మొదలై పసుపు శక్తితో ఆకుపచ్చను నిలబెడుతుంది. పైలట్ పాడైన పంపును ఆఫ్ చేస్తే సరిపోతుంది. చక్రాలు, బ్రేకులు అన్నీ మామూలుగానే పనిచేస్తాయి.

కానీ ఆయిలే కారిపోతుంటే? అప్పుడు పీటీయూ ఆకుపచ్చ వైపు కొసకు పంపు చేయడానికి ఏమీ ఉండదు. అయినా తేడా ఉంది కాబట్టి పసుపు వైపు దాన్ని తిప్పుతూనే ఉంటుంది. లోడ్ లేకుండా షాఫ్ట్ విపరీతమైన వేగంతో తిరుగుతుంది. పసుపు ఆయిల్ వేడెక్కుతుంది. కొద్ది నిమిషాల్లోనే ఆరోగ్యంగా ఉన్న రెండో సర్క్యూట్ కూడా చేజారవచ్చు. సాయం కోసం పెట్టిన వంతెన మీదుగానే జబ్బు దాటుతుంది.

గాల్లో జరిగింది

ఆ సాయంత్రం కో-పైలట్ విమానం నడుపుతున్నాడు, కెప్టెన్ రేడియో, ప్యానెళ్ల పని చూస్తున్నారు. ఒక చిమ్ మోగి, పసుపు రంగు మాస్టర్ కాషన్ లైటు వెలిగింది. స్క్రీన్ మీద ఈ మాట:

```
HYD G RSVR LO LVL
```

ఆకుపచ్చ రిజర్వాయర్‌లో మట్టం తగ్గింది అని అర్థం. గమనించండి, ఈ హెచ్చరిక వచ్చినప్పుడు ప్రెషర్ ఇంకా 3,000 దగ్గరే ఉంది. పంపుకు పీల్చుకోవడానికి అడుగున కొంచెం ఆయిల్ ఉన్నంతసేపూ ప్రెషర్ పడదు. ప్రెషర్ పడకపోతే పీటీయూ కూడా మొదలవదు. అంటే మట్టం హెచ్చరికకూ ప్రెషర్ పడిపోవడానికీ మధ్య దొరికేది చిన్న గడువు. కారేది చిన్న చిల్లైతే నిమిషాలు. పెద్ద గొట్టం పగిలితే సెకన్లే, ఎందుకంటే ఇంజిన్ పంపు నిమిషానికి దాదాపు 140 లీటర్లు నెట్టగలదు.

కెప్టెన్ ముందుగా హైడ్రాలిక్ పేజీ చూశారు. ఆకుపచ్చ మట్టం కళ్లముందే దిగుతోంది, పసుపు, నీలం కదలకుండా ఉన్నాయి. సెన్సర్ అబద్ధం చెప్పడం కాదు, నిజంగానే కారుతోందని దీంతో రూఢి అయింది. స్క్రీన్ మీద చేయమన్నవి రెండు పనులు: `PTU` ని `OFF`, తర్వాత ఎడమ ఇంజిన్ పంపును `OFF`. పైన ప్యానెల్‌లో రెండు బటన్లు. కో-పైలట్‌తో చెప్పి, చూపించి, ఒకదాని తర్వాత ఒకటి నొక్కారు.

ఎప్పుడు ఈ కేసు చెప్పినా ఇక్కడ పిల్లలు ఆగుతారు. జయపురం అమ్మాయి ఒకరు, "సార్, ఉన్న ఒక్క సాయాన్నీ మనమే ఆపేసుకుంటామా?" అంది. అవునమ్మా, ఆపేసుకుంటాం. ఆకుపచ్చను వదులుకోవడానికి పైలట్లు సిద్ధమయ్యారు, అది ఎలాగూ నిలవదు. కాపాడాల్సింది పసుపుని. పసుపు కూడా పోతే రెక్కల వెనక అంచున దిగే ఫ్లాప్‌లు ఎక్కడున్నవి అక్కడే బిగుసుకుంటాయి, తోక మీది స్టెబిలైజర్ కదలదు, ఆటోపైలట్ పోతుంది, రెండు రివర్సర్లూ పోతాయి. బ్రేకులకు ఒక అక్యుములేటర్‌లో దాచిపెట్టిన ప్రెషర్ మాత్రమే మిగులుతుంది, అది ఏడు సార్లు పూర్తిగా తొక్కడానికి సరిపడా ఉంటుంది. ఆ పరిస్థితిలో స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో `LAND ASAP` అని వస్తుంది, వీలైనంత త్వరగా దిగమని. ఒక్క ఆకుపచ్చ పోయినప్పుడు ఆ మాట రాదు. ఈ రెండు స్థితులకూ మధ్య ఉన్నది ఆ ఒక్క బటన్.

డేటాలో చూస్తే పీటీయూ ఆఫ్ అయిన తర్వాతే ఆకుపచ్చ ప్రెషర్ పడింది. పసుపు ప్రెషర్ గీత ఆ తర్వాత కూడా వంకర లేకుండా ఉంది. ఆటోపైలట్ ఊడలేదు. ప్రయాణికులకు ఏమీ తెలియలేదు.

ఎక్కడ దిగాలి

తొందర లేదు, కానీ తీర్మానించాల్సింది ఉంది. దగ్గర్లో విశాఖ ఉంది, 3,050 మీటర్ల రన్‌వే. వెనక భువనేశ్వర్, అంతకంటే కొంచెం చిన్నది. ముందున్న హైదరాబాద్‌లో పొడవైన రన్‌వే 4,260 మీటర్లు, పక్కన ఇంకోటి కూడా ఉంది. మిగిలిన ప్రయాణం గంటలోపే.

దిగడానికి ఎంత పొడవు కావాలో లెక్క వేసేటప్పుడు పోయినవన్నీ కలుపుకోవాలి. ఒక్కో రెక్క మీద గాలిని అడ్డుకోవడానికి లేచే స్పాయిలర్ పలకలు అయిదుంటే వాటిలో మొదటిది, అయిదోది ఆకుపచ్చవి. నేలకు తగిలాక లేవాల్సిన పదింటిలో ఆరే లేస్తాయి. ఆటోబ్రేక్ లేదు. మామూలు బ్రేకులు లేవు, పసుపు మీద నడిచే ప్రత్యామ్నాయ బ్రేకులున్నాయి. వాటికి యాంటీ-స్కిడ్ ఉంది కాబట్టి చక్రాలు బిగుసుకుపోవు. రివర్సర్ కుడివైపు ఒక్కటే. కాబట్టి దూరం పెరుగుతుంది. కంపెనీ పట్టికల ప్రకారం లెక్కేస్తే విశాఖ కూడా సరిపోతుంది.

అయినా కెప్టెన్ హైదరాబాదే ఎంచుకున్నారు. ఆయన చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. ముందు చక్రం స్టీరింగ్ లేదు కాబట్టి దిగిన విమానం రన్‌వే మీదే ఆగిపోతుంది. ట్రాక్టర్ వచ్చి లాగేదాకా ఆ రన్‌వే మూతే. ఆ సాయంత్రం వేళ మన వెనక దిగాల్సిన వాళ్లకు ఇంకో రన్‌వే ఉన్న చోట ఆగడం మంచిది. లాగే బండి, ఇంజినీర్లు, విడిభాగాలు కూడా అక్కడే ఉన్నాయి. కంట్రోల్‌కి "పాన్ పాన్" అని, అంటే తక్షణ ప్రాణాపాయం లేని అత్యవసరమని చెప్పి, పరిస్థితి, రన్‌వే మీదే ఆగుతామన్న సంగతి, ఫైర్ బండ్లు సిద్ధంగా కావాలన్న మాట ముందే చెప్పేశారు. క్యాబిన్ సిబ్బంది పెద్దకు కూడా వివరించారు, అత్యవసరంగా దిగి పరుగెత్తాల్సిన పని లేదని స్పష్టంగా.

చక్రాలు: వెనక్కి తీసుకోలేని అడుగు

ఆకుపచ్చ లేకుండా చక్రాలు దించే పద్ధతి చాలా సాదా. పైలట్ల మధ్యనున్న పెడెస్టల్ వెనక భాగంలో మడిచి ఉంచిన ఒక హ్యాండిల్ ఉంటుంది. దాన్ని విప్పి కుడివైపుకి మూడు చుట్లు తిప్పాలి. దాంతో తలుపుల లాకులు, చక్రాల లాకులు విడిపోతాయి. చక్రాలు సొంత బరువుతో కిందికి పడి లాక్ అవుతాయి. తర్వాత మామూలు లివర్‌ని కూడా కిందికి పెడతారు.

ఇలా దించాక మళ్లీ లోపలికి తీయడానికి శక్తి లేదు. చక్రాల గుంట తలుపులు కూడా తెరిచే ఉండిపోతాయి. ఆ స్థితిలో ల్యాండింగ్ కుదరక మళ్లీ పైకి ఎగరాల్సి వస్తే గాలి ఈడ్పు ఎక్కువ, ఇంధనం మామూలు కంటే చాలా తొందరగా అయిపోతుంది, ఎక్కడం కూడా మందగిస్తుంది. ఇంకో ఊరికి మళ్లే లెక్కలన్నీ మారిపోతాయి. అందుకే హ్యాండిల్ తిప్పే ముందే రెండు సంగతులు రూఢి చేసుకోవాలి: రన్‌వే తెరిచి ఉందా, వాతావరణం నిలకడగా ఉందా. వీళ్లు ఆ రెండూ కంట్రోల్‌ని అడిగి తెలుసుకున్నారు. చక్రాలు దించిపెట్టుకుని అక్కడక్కడే తిరుగుతూ ఉంటే మిగిలిన ఇంధనంతో ఎంతసేపు ఉండగలరో కూడా లెక్కేసి కాగితం మీద రాసుకున్నారు.

ఫ్లాప్‌లు, రెక్కల ముందు అంచున ఉండే స్లాట్‌లు దిగాయి గానీ సగం వేగంతో. వాటికి రెండేసి హైడ్రాలిక్ మోటార్లుంటాయి, ఒక్కో జతలో ఒకటి ఆకుపచ్చది. ఇది తెలిసినవాళ్లు కాబట్టి తుది మార్గంలోకి తిరగడానికి చాలా ముందే మొదలుపెట్టారు. తెలియని పైలట్‌కు ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది. వేగం తగ్గిపోతుంది, ఫ్లాప్ ఇంకా రాలేదు, ఇంకేదో చెడిందేమో అనిపిస్తుంది. ముందే ప్రారంభిస్తే ఆ గాభరా ఉండదు.

చక్రాలు దిగి లాక్ అయ్యాయని చెప్పే మూడు పచ్చ లైట్లు వెలిగాయి. విమానం మామూలుగా దిగింది. కో-పైలట్ కాళ్లతో బ్రేకులు సమానంగా తొక్కుతూ, రివర్సర్ ఒక వైపే ఉన్నందువల్ల ముక్కు కుడివైపు లాగుతుంటే మొదట రడ్డర్‌తో, వేగం తగ్గాక రెండు కాళ్ల బ్రేకుల తేడాతో సరిచేసుకుంటూ రన్‌వే మధ్య గీత మీద ఆపాడు. ఇంజిన్లు ఆపి, ట్రాక్టర్ కోసం ఆగారు.

విప్పి చూస్తే

ఫైర్ సిబ్బంది రేడియోలో మాకు చెప్పిన మొదటి సంగతి, ఎడమ ఇంజిన్ పైతొడుగు అయిన కౌలింగ్ కింద ఊదా రంగు చారలున్నాయని. ఈ విమానాల ఆయిల్ ఊదా రంగులో ఉంటుంది. ఫాస్ఫేట్ ఈస్టర్ రకం, అంత సులభంగా అంటుకోదు, కానీ చర్మం మీద పడితే మంట, కళ్లలో పడితే ఇంకా ప్రమాదం. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ముందు మూడు చక్రాలకూ సేఫ్టీ పిన్నులు పెట్టాం, తలుపులకు లాకులు వేశాం. ఆ తర్వాతే లాగించాం.

చారలు చూడకముందు కూడా ఒక ఊహ ఉంది. 260 నాట్ల వేగం దాటితే ఒక సేఫ్టీ వాల్వ్ చక్రాలకు వెళ్లే ఆకుపచ్చ లైన్‌ను మూసేస్తుంది. క్రూయిజ్‌లో ఆ పైపుల్లో ప్రెషర్ ఉండదు. కాబట్టి అంత ఎత్తులో, అంత వేగంలో మొదలైన లీకు చక్రాల గుంటలో ఉండే అవకాశం తక్కువ. వెతకాల్సింది ఎప్పుడూ ప్రెషర్ ఉండే చోట: పంపు, ఇంజిన్ నుంచి రెక్కకు ఎక్కే లైను, రెక్కల మీద కంట్రోళ్లు. చారలు ఆ జాబితాను ఒక చోటికి తెచ్చాయి.

కౌలింగ్ తెరిస్తే దొరికింది. పంపు నుంచి వచ్చే ప్రెషర్ హోస్‌ని పట్టి ఉంచే క్లాంప్ ఒకటి సరిగ్గా కూర్చోలేదు. రబ్బరు పొర అరిగి, అంచు హోస్‌కి రాసుకుంటూ వచ్చింది. ఇంజిన్ అదురు, పంపు ప్రెషర్ అలలు, రెండూ కలిసి అల్లిక తీగల్ని ఒక్కొక్కటే తెంపి చివరికి సన్నటి చీలిక చేశాయి. హోస్ మీద ఒకవైపు మాత్రమే మెరుస్తున్న గీత చూస్తే రాసుకుందని తెలుస్తుంది. లోపలి నుంచి పగిలిన హోస్‌కి అలాంటి గీత ఉండదు. క్లాంప్‌ని అంతకుముందు పంపు మార్చిన సందర్భంలో విప్పి బిగించినట్టు రికార్డులో ఉంది.

హోస్ మార్చి, ఆయిల్ నింపితే పని అయిపోదు. పంపు కొంతసేపైనా ఆయిల్ లేక ఎండిగా తిరిగింది. బటన్ ఆఫ్ చేస్తే పంపు ప్రెషర్ ఇవ్వడం ఆగుతుంది గానీ ఇంజిన్‌తో పాటు తిరగడం ఆగదు. పంపు కేస్ డ్రెయిన్ ఫిల్టర్ విప్పితే సన్నటి లోహపు రేణువులు కనిపించాయి. కాబట్టి పంపు మార్చాం, ఆకుపచ్చ ఫిల్టర్లన్నీ మార్చాం, సర్క్యూట్‌ని ఫ్లష్ చేశాం, గాలి తీశాం. చక్రాలు దించే హ్యాండిల్‌ని తిరిగి దాని స్థానంలో పెట్టి, విమానాన్ని జాకుల మీద ఎత్తి చక్రాల్ని ఆకుపచ్చ ప్రెషర్‌తో పూర్తిగా లోపలికి, బయటికి తిప్పి చూశాం.

చివరగా పీటీయూ. ఎండిగా తిరిగి ఉంటే దాన్నీ మార్చాల్సి వచ్చేది, పసుపు ఆయిల్ కూడా అనుమానంలో పడేది. పసుపు ఫిల్టర్లు విప్పాం, ఆయిల్ నమూనా తీసి పంపాం. ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయి, నమూనా రిపోర్టు మామూలుగా వచ్చింది. పీటీయూని మార్చకుండానే, మళ్లీ ఆన్ చేసి నేల మీద పరీక్షించి, విమానాన్ని సర్వీసుకు వదిలాం. అదే రకం క్లాంపుల్ని ఆ కంపెనీ మిగతా విమానాల్లో కూడా, పంపు మార్చిన ప్రతిసారీ రెండో మనిషి చేత్తో కదిపి చూడాలని పని కార్డులో ఒక వాక్యం చేర్చారు.